పండగ బోనస్ లెక్క పనివాళ్లకు రాసి చెప్పడం: రూపాయికి అణా పద్ధతి

ప్రశ్న: మాది స్టీలు సామాన్ల షాపు, ఆరుగురు పనిచేస్తారు. పోయిన దసరాకు పాతవాళ్లకు నెల జీతం, మిగతావాళ్లకు నాకు తోచినంత కవర్లో పెట్టి ఇచ్చాను. వాళ్లు కవర్లు పోల్చుకుని నెలరోజులు ముఖాలు మాడ్చుకు తిరిగారు. ఈసారి ఎదురుగా రోడ్డు తవ్వి అమ్మకాలు పడిపోయాయి, 60,000 మించి పెట్టలేను. ఇద్దరు మధ్యలో చేరారు, క్యాషియర్‌కు ఏప్రిల్‌లో జీతం పెంచాను, ఒకామె ఆపరేషన్ అయి రెండు నెలలు రాలేదు, గోడౌన్ కుర్రాడి దగ్గర 10,000 అడ్వాన్సు రావాలి. ఎవరికెంత ఇవ్వాలి, ఎందుకంత అనేది ఒక కాగితం మీద రాసి చెప్దామనుకుంటున్నా. ఎలా రాయాలి?

జవాబు:

ఇరవై రెండేళ్లు బట్టల షాపు నడిపాను. మొదటి నాలుగైదేళ్లు నేనూ కళ్లతో కొలిచే కవర్లు నింపాను. ఒక ఏడాది ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు షాపు వెనక మెట్ల మీద కూర్చుని కవర్లు విప్పుకున్నారు. ఇద్దరికీ 800 తేడా. ఆ తేడా ఎందుకొచ్చిందో నన్నే అడిగితే నా దగ్గరా జవాబు లేదు. తక్కువొచ్చినవాడు కార్తీకమాసం దాటకుండానే మానేశాడు. వాణ్ణి బాధపెట్టింది 800 కాదని నాకు తర్వాత అర్థమైంది, తనకు తెలియని లెక్క ఏదో తన మీద నడుస్తోందన్న అనుమానం.

అందుకే కాగితానికి ఒక్కటే పరీక్ష పెట్టుకోండి. మీ గోడౌన్ కుర్రాడు ఆ కాగితం చదివి, తన జీతం లెక్క తను వేసుకుంటే, కవర్లో ఉన్న అంకె పైసాతో సహా రావాలి. రాకపోతే కాగితంలో తప్పుంది, లేదా కవర్లో తప్పుంది.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం, పొడుగు లేదు. 1965 బోనస్ చట్టంలోనూ, 2019 వేతనాల కోడ్‌లోనూ మీలాంటి షాపుల విషయంలో తప్పనిసరి బోనస్ ఇరవై మంది, అంతకుమించి పనిచేసేవాటికే. అక్కడ కనీసం 8.33 శాతం ఇవ్వాలి. ఆ వింత అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. వందను పన్నెండుతో భాగిస్తే వచ్చేదే అది, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, సరిగ్గా ఒక నెల జీతం. మీరు ఆరుగురే కాబట్టి ఆ కనీసం మీకు వర్తించదు. కాకపోతే ఎవరికైనా చేరేటప్పుడు కాగితం మీద బోనస్ రాసిచ్చి ఉంటే ఆ మాట వేరు, అది ఇచ్చి తీరాలి.

ఇక లెక్క. దీనికి కావలసినవి మూడే: ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ జీతం మీద, ఎన్నో వంతు.

నెలల దగ్గరే చాలామంది తడబడతారు. "పోయిన దసరా నుంచి ఈ దసరా దాకా" అని నోటితో చెప్పడం తేలికే, కానీ దసరా కదులుతుంది. 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న, 2026లో అక్టోబరు 20న. మొదటి రెండిటి మధ్య 355 రోజులు, తర్వాతి రెండిటి మధ్య అధికమాసం పడి 383 రోజులు. దాని మీద జీతం లెక్క కడితే ప్రతి ఏడాదీ కొత్త గొడవ. సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు అని కట్టేయండి. దసరా ఎప్పుడొచ్చినా ఆగస్టు జీతాలు అప్పటికే ఇచ్చి, జీతాల పుస్తకంలో సంతకాలు అయిపోయి ఉంటాయి. ఏప్రిల్ నుంచి మార్చి పెట్టుకుందామని మీ ఆడిటర్ అనొచ్చు, ఆయనకు అది సుఖం. కానీ మధ్యలో చేరిన మీ ఇద్దరిలో ఒకరు జులైలో చేరి ఉంటే వాళ్లకు అప్పుడు సున్నా వస్తుంది, పండగపూట సున్నా కవర్ ఎవరికిస్తాం?

ఏ జీతం మీద అన్నదానికి నా జవాబు: ఆ పన్నెండు నెలల్లో ఆ మనిషి నిజంగా అందుకున్న జీతం మొత్తం. ఇప్పటి జీతం కాదు, చేరినప్పటి జీతం కాదు. జీతాల పుస్తకంలో ఆ మనిషి గడిలో ఉన్న పన్నెండు అంకెలు కూడితే చాలు. దీంతో సగం తగవులు వాటంతటవే తీరిపోతాయి. మధ్యలో చేరినవాళ్లకు తక్కువ నెలలే ఉంటాయి కాబట్టి మొత్తం దానంతటదే తగ్గుతుంది, పదిహేనో తారీఖున చేరాడా ఇరవయ్యో తారీఖునా అని రోజులు లెక్కపెట్టక్కర్లేదు. జీతం పెంచిన నెల నుంచి పెరిగిన అంకే కూడుతుంది. నాగాలకు జీతం కోసిన నెలల్లో తగ్గిన అంకె ఉంటుంది. ఇక్కడొక జాగ్రత్త: నాగాలకు జీతంలో ఒకసారి కోసేశారు, మళ్లీ బోనస్‌లో "నువ్వు నాగాలెక్కువ" అని ఇంకోసారి కోయకండి. ఒకే తప్పుకు రెండు జరిమానాలు పడ్డాయని వాళ్లు ఇట్టే కనిపెడతారు. అమ్మకాల మీద ఇచ్చే కమిషన్, ఆటో పెట్రోలు డబ్బులు ఈ మొత్తంలో కలపకండి, కలపలేదని కాగితంలో రాయండి.

ఆపరేషన్ అయిన ఆమె విషయంలో మాత్రం నా పద్ధతి వేరు. ఆ రెండు నెలలు జీతం అందలేదు, కాబట్టి లెక్క ప్రకారం పది నెలలే. కానీ ఆ రెండు నెలలు కలపాలని మీకు అనిపిస్తే కలపండి, అయితే దయగా కాకుండా నియమంగా కలపండి. "ముందుగా చెప్పి వైద్యం కోసం తీసుకున్న సెలవు రెండు నెలల దాకా పనిచేసినట్టే లెక్క" అని అందరికీ వర్తించేలా రాస్తే, రేపు క్యాషియర్‌కు కాలు విరిగినా అదే నియమం. ఆమె పేరుగానీ, జబ్బు సంగతిగానీ కాగితంలో ఎక్కకూడదు.

ఇప్పుడు మీ ఆరుగురివీ కూడదాం. మీరు జీతాలు, చేరిన నెలలు రాయలేదు కాబట్టి నేను అనుకున్న అంకెలు వేస్తున్నా, మీవి మార్చుకోండి. సీనియర్ సేల్స్‌మన్ నెలకు 20,000, ఏడాదికి 2,40,000. క్యాషియర్ సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు నెలలు 16,500, ఏప్రిల్ నుంచి అయిదు నెలలు 18,000, కూడితే 2,05,500. ఆపరేషన్ అయిన ఆమె 15,000 చొప్పున ఆ రెండు నెలలూ కలిపి 1,80,000. జనవరిలో చేరిన అమ్మాయి 15,000 చొప్పున ఎనిమిది నెలలు, 1,20,000. గోడౌన్ కుర్రాడు 14,000 చొప్పున 1,68,000. జులై ఒకటిన చేరిన డెలివరీ మనిషి రెండు నెలలకు 28,000. అన్నీ కలిపి 9,41,500.

నెల జీతం ఇవ్వాలంటే దీన్ని పన్నెండుతో భాగించాలి, 78,458 అవుతుంది. మీ దగ్గరున్నది 60,000. అలాగని 60,000ను 9,41,500తో భాగించి 6.37 శాతం అని కాగితం మీద రాశారనుకోండి, లెక్క తప్పు కాదు, కానీ ఆ అంకెను చూసి ఎవరూ తన లెక్క వేసుకోరు. పదహారుతో భాగించి చూడండి. 58,844 వస్తుంది, మీ సంచిలో సరిపోయింది. పదహారో వంతు అంటే ఏమిటి? రూపాయికి అణా. మా నాయన అయితే అంతే చెప్పేవాడు, "ఏడాదికి నీ చేతికొచ్చిన ప్రతి రూపాయికీ ఒక అణా" అని. మీ కుర్రాళ్లకు అణా తెలియకపోయినా, పదహారుతో భాగించడం ఫోన్లో ఎవరైనా చేస్తారు.

సంచి ఇంకా చిన్నదైతే ఇరవై నాలుగుతో భాగించండి, అది సగం నెల జీతం. పద్దెనిమిదైతే నెల జీతంలో మూడింట రెండొంతులు. ఏ ఏడాదైనా ఒకే భాజకం, అందరికీ అదే. మధ్యలో సీనియర్‌కు పన్నెండు, కొత్తవాళ్లకు ఇరవై అని విడగొట్టడం మొదలుపెడితే కాగితం రాయడం దండగ. సీనియర్ పదిహేనేళ్ల నుంచి ఉన్నాడంటారా, ఆయన జీతం అందరికన్నా ఎక్కువ కాబట్టి అణా కూడా ఎక్కువే వస్తోంది. ఇంకా ఇవ్వాలనిపిస్తే ఉగాదికి జీతం పెంచండి, దసరా కవర్లో కలపకండి.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. పదహారో వంతు అంటే ముప్పాతిక నెల జీతమే కదా, అలా రాస్తే అందరికీ తేలిగ్గా అర్థమవుతుందనిపిస్తుంది. నేనూ ఒక ఏడాది అలాగే రాశాను, దెబ్బతిన్నాను. మీ క్యాషియర్ ఏమనుకుంటాడో చూడండి: "నా జీతం 18,000, ముప్పాతిక అంటే 13,500." కవర్ విప్పితే 12,850 ఉంటుంది. 650 ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు, ఏడు నెలలు ఆయన జీతం 16,500 కాబట్టి అంతే వచ్చింది. కానీ మీ కాగితం ఆయనకు 13,500 అని చెప్పింది. కాబట్టి "నెల జీతం" అన్న మాట బోనస్ కాగితంలో రానివ్వకండి. "ఏడాదిలో అందుకున్న జీతం మొత్తంలో పదహారో వంతు" అనే రాయండి.

లెక్క ఇలా తేలుతుంది: సీనియర్‌కు 15,000. క్యాషియర్‌కు 12,843.75, పై యాభైకి సర్ది 12,850. ఆపరేషన్ అయిన ఆమెకు 11,250 (ఆ రెండు నెలలు కలపకపోతే 9,375 అయ్యేది). జనవరిలో చేరిన అమ్మాయికి 7,500. గోడౌన్ కుర్రాడికి 10,500. డెలివరీ మనిషికి 1,750. మొత్తం 58,850. సర్దుబాటు ఎప్పుడూ పైకే ఉండాలి, కిందికి సర్దితే నలభై నాలుగు రూపాయల కోసం అపఖ్యాతి. మిగిలిన 1,150 ఎవరి కవర్లోనూ దూర్చకండి, స్వీటు డబ్బాలకు సరిపోతాయి. మీ బావమరిదో అబ్బాయో కౌంటర్‌లో కూర్చుంటే వాళ్లను ఈ లెక్కలో చేర్చకండి. ఇంటివాళ్లకు మీరు ఏమిస్తారో అది ఇంటి సంగతి.

అడ్వాన్సు గురించి. గోడౌన్ కుర్రాడికి 10,500 వస్తుంది, మీకు 10,000 రావాలి. పట్టుకుంటే అతని చేతిలో 500 పెట్టి పండగ చేసుకోమన్నట్టే. చేబదులు చేబదులే, బోనస్ బోనసే. కవర్ నిండుగా ఇవ్వండి, అడ్వాన్సు ఇప్పటిదాకా ఎలా కోస్తున్నారో అలాగే నెలనెలా జీతంలో కోయండి. తనంతట తనే కొంత తిరిగి ఇస్తానంటే తీసుకుని వేరే రసీదు రాయండి. కాగితంలో మాత్రం "ఎవరి అడ్వాన్సూ ఇందులో పట్టుకోలేదు" అన్న ఒక్క వాక్యం ఉండాలి, ఎవరికి ఎంత ఉందో ఉండకూడదు.

పోయిన ఏడాదికన్నా తగ్గింది కాబట్టి ఎందుకు తగ్గిందో చెప్పాల్సిందే. లాభం ఎంతో చూపించక్కర్లేదు. కానీ "వ్యాపారం బాగాలేదు" అని ఊరికే అనకండి, అది ప్రతి యజమానీ ప్రతి ఏడాదీ అనే మాట, ఎవరూ నమ్మరు. రోడ్డు తవ్విన సంగతి వాళ్ల కళ్ల ముందు జరిగింది, అదే రాయండి. ఆ నెలల్లో ఎవరినీ మాన్పించకపోతే, జీతం ఆపకపోతే అది కూడా నిజమే కాబట్టి ఒక ముక్క రాయొచ్చు, దెప్పినట్టు కాకుండా.

"ప్రతి ఏటా ఇస్తాం" అని రాయాలా వద్దా? పండగ బోనస్ ఆనవాయితీ అయిపోయిందా లేదా అన్న తగవు 1959లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, పూజా బోనస్ గురించి. ఏళ్ల తరబడి విడవకుండా, నష్టం వచ్చిన ఏడాది కూడా, ఒకే రేటున ఇస్తూ వచ్చారా అని చూడాలని కోర్టు చెప్పింది. మీకు కోర్టు గొడవ ఉంటుందని కాదు. కానీ ఏ ఏడాది రేటు ఆ ఏడాది వ్యాపారాన్ని బట్టే అయితే, ఆ మాట ఇప్పుడే రాయండి. నిలబెట్టుకోలేని మాట రాసి వచ్చే ఏడాది మింగడం కన్నా అది నయం.

మీ కాగితం ఇలా ఉంటే చాలు:

"అందరికీ నమస్కారం. ఈ దసరా బోనస్ ఎలా కట్టామో చెప్పడానికి ఈ కాగితం.

పోయిన సెప్టెంబరు 1 నుంచి ఈ ఆగస్టు 31 వరకు మీరు అందుకున్న జీతం మొత్తం కూడి, దాన్ని 16తో భాగించాం. వచ్చినదే మీ బోనస్. అందరికీ ఇదే లెక్క. చిల్లరను పై యాభై రూపాయలకు సర్దాం. అమ్మకాల కమిషన్, పెట్రోలు డబ్బులు ఇందులో కలపలేదు.

మధ్యలో చేరినవాళ్లకు చేరినప్పటి నుంచి అందుకున్న జీతం మీద కట్టాం. జీతం పెరిగినవాళ్లకు పెరగకముందు నెలలు పాత జీతం, తర్వాత నెలలు కొత్త జీతం. నాగాలకు విడిగా ఏమీ కోయలేదు. ముందుగా చెప్పి వైద్యం కోసం తీసుకున్న సెలవును రెండు నెలల దాకా జీతం అందినట్టే లెక్కపెట్టాం. ఇది అందరికీ వర్తిస్తుంది. ఎవరి అడ్వాన్సూ బోనస్‌లో పట్టుకోలేదు.

పోయిన ఏడాది కొందరికి నెల జీతం ఇచ్చాను, కొందరికి నాకు తోచినంత ఇచ్చాను. అది సరైన పద్ధతి కాదు. ఈసారి రోడ్డు పనుల వల్ల అమ్మకాలు తగ్గాయి, అందుకే మొత్తం మీద తక్కువ పెట్టగలిగాను. ఎన్నో వంతు అనేది ఏ ఏడాదికి ఆ ఏడాది వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మీ కవర్లో మీ నెలనెలా జీతాల చీటీ ఉంది. కూడి చూసుకోండి. తేడా కనిపిస్తే శనివారం లోపు నాకు చెప్పండి, పుస్తకం ముందు పెట్టుకుని చూద్దాం."

"అది సరైన పద్ధతి కాదు" అన్న వాక్యం రాయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అది లేకపోతే నిరుడు నెల జీతం అందుకున్న సీనియర్ 20,000 నుంచి 15,000కు ఎందుకు దిగాడో సగమే చెప్పినట్టు.

కాగితం ఒకటే, అందరికీ అదే. చీటీ మాత్రం ఎవరిది వాళ్లకు. ఆరుగురి షాపులో ఎవరి జీతం ఎంతో అందరికీ తెలుసని మీరు అనొచ్చు. తెలిసినా, మీ చేత్తో గోడకంటించడం వేరు. చీటీ మీద పన్నెండు నెలల అంకెలు, కింద మొత్తం, దాని కింద 16తో భాగిస్తే వచ్చినది, సర్దిన అంకె, అంతే. అదే చీటీకి రెండో ప్రతి మీద సంతకం తీసుకుని వోచరుకు గుచ్చండి, ఆడిటర్‌కు పనికొస్తుంది. బ్యాంకులో వేసేటట్టయితే జీతంతో కలిపి వేయకండి, బోనస్ అని విడిగా వేయండి.

మీ దగ్గర నుంచి ఏడాది మధ్యలో మానేసినవాళ్లు ఉంటే? ఇచ్చే రోజుకు పనిలో ఉన్నవాళ్లకే అని చాలా షాపుల్లో వాడుక. నేను మాత్రం మంచిగా చెప్పి మానినవాళ్లకు అదే లెక్కన కట్టి పంపేవాణ్ణి. మీరు ఏది చేసినా అది ముందే చెప్పిన మాట అయి ఉండాలి.

పండగకు పది రోజుల ముందు ఇవ్వండి. ముందురోజు రాత్రి షట్టరు దించుతూ ఇస్తే వాళ్లు బట్టలు కొనేదెప్పుడు, ఊరికి టికెట్ తీసేదెప్పుడు? పొద్దున షట్టరు ఎత్తకముందు అందరినీ కూర్చోబెట్టి కాగితం మీరే పైకి చదవండి, చదవడం రానివాళ్లు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా వింటారు. చదివాక ఒక ఉదాహరణ నోటితో వేయండి, అందులో మీ మనుషుల జీతాలు వద్దు. "నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు, పదహారుతో భాగిస్తే ఏడువేల అయిదొందలు" అంటే సరిపోతుంది.

నేను మొదటిసారి ఇలా చదివిన రోజు మా మూటలు మోసే అతను ఏమీ అనలేదు. మధ్యాహ్నం చూస్తే పాత బిల్లుబుక్కు వెనక అట్ట మీద పెన్సిలుతో పన్నెండు అంకెలు ఒకదాని కింద ఒకటి వేసి కూడుతున్నాడు. జూన్ నెలలో నేను మూడొందలు తక్కువ రాశానని తేల్చాడు. పుస్తకం తీసి చూస్తే నిజమే, ఆ నెల జీతం రెండు విడతలుగా ఇచ్చాను, రెండో విడతలో మూడొందలు చీటీకి ఎక్కలేదు. అతనికి రావలసిన పందొమ్మిది రూపాయలు అక్కడే గల్లాలోంచి తీసిచ్చాను.